మీ అత్తగారి బీపీ పుస్తకం గురించి

అమ్మడూ,

మొన్న ఫోన్లో నువ్వు అడిగిన మాట నా మనసులోనే ఉంది. "పెద్దమ్మా, సోమవారం 164 వచ్చింది, మంగళవారం 128 వచ్చింది. ఏది నిజం? మిషన్ పాడైందా?" అన్నావు. మిషన్ పాడవలేదు, రెండూ నిజమే. ఆ రెండు క్షణాల్లో ఆవిడ రక్తపోటు అంతే ఉంది. కాకపోతే డాక్టరుకి కావలసింది ఆ క్షణాల సంగతి కాదు. రోజూ ఆవిడ రక్తనాళాలు ఎంత ఒత్తిడి మోస్తున్నాయో ఆయనకి తెలియాలి. అది ఏ ఒక్క నంబరూ చెప్పలేదు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం. కుండలో మెతుకులన్నీ ఒకేలా ఉడుకుతాయి కనక అది చెల్లుతుంది. బీపీ అలా కాదు. మెట్లెక్కినా, మాట్లాడినా, ఒంటేలు ఆపుకున్నా, రాత్రి నిద్ర లేకపోయినా పెరుగుతుంది. కాసేపు కుదురుగా కూర్చుంటే దిగుతుంది. ఈ హెచ్చుతగ్గులు కొన్ని పైకీ కొన్ని కిందికీ లాగుతాయి. ఇరవై పైచిలుకు నంబర్లు కలిపి సగటు తీస్తే అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుని, అసలు మట్టం మిగులుతుంది. డాక్టర్లు సగటును నమ్మేది అందుకే.

మా అమ్మ విషయంలో ఈ తేడా నేను కళ్లారా చూశాను. ఒకసారి రెండంతస్తులు ఎక్కించి, ఊపిరి తిప్పుకోకముందే పట్టీ చుట్టారు. వచ్చిన ఆ ఒక్క నంబరు చూసి మాత్ర మోతాదు పెంచారు. పది రోజులకి పెరట్లో కళ్లు తిరిగి పడింది. ఇంట్లో వారం రోజులు చూసి రాస్తే, పాత మాత్రకే ఆవిడ బీపీ అదుపులో ఉన్నట్టు తేలింది. వార్డులో అన్నేళ్లు పనిచేసిన నేనే ఆ వారం పని ముందు చెయ్యలేదు. నువ్వు చెయ్యి.

మీరు బరంపురం వచ్చేది పై మంగళవారం కదా. ఈ సోమవారం మొదలుపెట్టి ఆదివారం దాకా ఏడు రోజులు రాయి. రోజుకి రెండు పూటలు, పూటకి రెండుసార్లు, మధ్యలో ఒక నిమిషం ఆగి చూడాలి. పొద్దున్న ఆవిడ లేచి, బాత్రూముకి వెళ్లొచ్చాక, మాత్రా టిఫినూ కాకముందు చూడు. రాత్రి భోజనానికి ముందు చూడు. టీ తాగినా, గుడాకు పెట్టుకున్నా అరగంట ఆగాలి. గుడాకులో ఉండేది పొగాకే కనక బీపీని పెంచుతుంది. పళ్లు తోమడమే దానితో అయితే, బీపీ చూశాకే తోముకోమను.

కుర్చీలో వీపు ఆనించి, రెండు పాదాలూ నేలకి తాకేలా కూర్చోబెట్టి, అయిదు నిమిషాలు మాటలు లేకుండా ఉంచు. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో ఉండాలి. పట్టీ జాకెట్టు చేతి మీద కాదు, ఒట్టి జబ్బకి, మోచేతి మడతకి రెండు వేళ్ల పైన చుట్టు. ఇక్కడ చాదస్తంగా చెబుతున్నాననుకోకు. సగటు తీసినా ఈ తప్పు పోదు. చెయ్యి గుండెకి పది సెంటీమీటర్లు కిందికి వేలాడితే ఏడెనిమిది పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. లావు చేతికి చిన్న పట్టీ చుట్టినా ఎక్కువే వస్తుంది. అన్నిసార్లూ అలాగే చూస్తే, తప్పుల సగటే వస్తుంది. మీ అత్తగారి జబ్బ చుట్టుకొలత టేపుతో కొలిచి, పట్టీ మీద అచ్చువేసిన కొలతల్లో అది పడుతుందో లేదో ముందు చూసుకో. మొదటి రోజు రెండు చేతులూ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే వారమంతా చూడు.

లెక్క ఎలా ఉంటుందో మీ పెదనాన్న పుస్తకంలోంచి చెబుతాను, అది నా ముందే ఉంది. మొదటి రోజు నాలుగు నంబర్లూ పక్కన పెట్టేశాం. కొత్తలో ఆ బెరుక్కి ఎక్కువ వస్తుంటాయి. వాటిని కొట్టెయ్యకూడదు, పుస్తకంలోనే ఉంచాలి, లెక్కలో మాత్రం కలపకూడదు. మిగిలిన ఆరు రోజుల్లో పై నంబర్లు ఇరవై నాలుగు. పొద్దుటివి పన్నెండూ కలిపితే 1702, అంటే సగటు 142. రాత్రివి పన్నెండూ 1616, సగటు 135. మొత్తం 3318ని 24తో భాగిస్తే 138. కింది నంబర్లు వేరేగా కలిపితే 83 వచ్చింది.

అయిదో రోజు సాయంత్రం కరెంటు పోయి, నీళ్ల బిందెలు మేడ మీదికి మోశారాయన. ఆ పూట 158, 147 వచ్చాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తరవాత ఆ రెండూ తీసేసి లెక్క వేస్తే సగటు 138 కాస్తా 137 అయింది, అంతే. నన్ను అంత భయపెట్టిన నంబరు సగటుని ఒక్క పాయింటు కదిపింది. ఇంట్లో చూసిన సగటు 135/85 గాని అంతకు మించి గాని ఉంటే మామూలుగా ఎక్కువ కిందే లెక్క. ఆస్పత్రిలో చూస్తే ఆ గీత 140/90. డాక్టరు 138ని చూసి, తరవాత పొద్దుటికీ రాత్రికీ ఉన్న తేడా దగ్గర ఆగారు. మాత్ర ఏ వేళకి వేసుకుంటున్నారని అడిగారు. పూటలు విడదీసి రాయకపోతే ఆ ప్రశ్న పుట్టేది కాదు.

మిషన్ 137 చూపిస్తే 137 అనే రాయి, 140 చెయ్యకు. అన్నీ సున్నాతో ముగిసే పుస్తకాన్ని చూడగానే డాక్టరుకి అనుమానం వస్తుంది. ఎక్కువ వచ్చిందని మూడోసారీ నాలుగోసారీ చూసి, తక్కువది ఎంచి రాయడం ఇంకా పెద్ద తప్పు. ప్రేమతోనే చేస్తారు, కానీ జబ్బుని దాచినట్టవుతుంది. మీ మామగారు కూడా అదే మిషన్ వాడితే దాని మెమరీలో ఇద్దరివీ కలిసిపోతాయి కనక చూసిన వెంటనే కాగితం మీద పెట్టు. చివరి గడిలో ఆ పూట సంగతి రెండు మాటల్లో రాయి: ఎండుచేప తిన్నారు, మాత్ర మరిచారు, నిద్ర లేదు. ఆ మాటలూ, పైన పూటల పేర్లూ మీ పాపచేత ఒడియాలో రాయించు. డాక్టరు తెలుగు చదవలేరు, అంకెలైతే చదువుతారు.

ఒక్క చోట మాత్రం సగటు కోసం ఆగకూడదు. పైది 180 గాని కిందిది 120 గాని దాటితే అయిదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూడు. అప్పుడూ అంతే ఉంటే ఆ రోజే డాక్టరుకి చెప్పాలి. దానితోపాటు గుండె నొప్పి, ఆయాసం, మాట తడబడడం, ఒక పక్క చెయ్యో కాలో పడిపోవడం, చూపు మసకబారడం ఉంటే పుస్తకం అక్కడే వదిలేసి దగ్గరున్న ఆస్పత్రికి తీసుకుపో. నాడి గతి తప్పి కొట్టుకుంటోందని మిషన్ గుర్తు చూపిస్తే అదీ రాయి. అలాంటివాళ్లకి ఈ మిషన్ల నంబర్లు అంత నికరంగా ఉండవు, డాక్టరే చేత్తో చూడాల్సి రావచ్చు. నంబరు తగ్గిందనో పెరిగిందనో మాత్ర నీ అంతట నువ్వు మార్చకు.

సోమవారం కూర్చుని సగటులు తీసి, పుస్తకం మొదటి పేజీలో మూడు వరసల్లో రాయి: పొద్దున్న, రాత్రి, మొత్తం. మంగళవారం పర్లాకిమిడిలో బస్సెక్కేటప్పుడు మిషన్నీ పట్టీనీ మాత్రల స్ట్రిప్పుల్నీ సంచిలో వేసుకో. ఆస్పత్రి మిషన్ పక్కన మీదీ పెట్టి ఒకసారి పోల్చి చూడమని అడుగుదాం. నేను బస్టాండుకి వస్తాను.

నీ పెద్దమ్మ