పెళ్లి తంతు తెలియని అతిథుల కోసం రెండు భాషల్లో కాగితం

"మా తమ్ముడి పెళ్లి వచ్చే నెల మహబూబ్‌నగర్‌లో. తన ఆఫీసు నుంచి జర్మనీ వాళ్లు ఎనిమిది మంది వస్తున్నారు. మన పెళ్లిలో ఏం జరుగుతుందో తెలుగులో, ఇంగ్లీషులో ఒక కాగితం రాసే పని నాకు అప్పజెప్పారు. ఎట్ల రాయాలో తెలుస్తలేదు. ఇంతకుముందు రాసినవాళ్లు ఉంటే చెప్పండి."

నేను రెండుసార్లు రాశాను. మొదటిసారి మిర్యాలగూడలో మా చెల్లె లగ్గానికి, తర్వాత నల్గొండలో మా పెదనాన్న కొడుకు పెళ్లికి. మొదటి కాగితంలో చేసిన తప్పు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది, అందుకే ముందు అదే చెప్తాను.

నెట్‌లో దొరికినవి కలిపి నాలుగు పేజీలు తయారు చేశాను. అందులో కాశీయాత్ర ఉంది. మా మేనత్త చదివి, "మనింట్ల కాశీయాత్ర ఎప్పుడు చేసినం బిడ్డా? ఎదుర్కోళ్లు ఏవి మరి?" అని అడిగింది. కాశీయాత్ర తీసేసి ఎదుర్కోళ్లు చేర్చాను. కానీ అసలు తప్పు ఆమెకూ కనబడలేదు, నాకూ కనబడలేదు. ఇంగ్లీషు భాగంలో పుస్తె కట్టే ఘట్టం దగ్గర "ఇదే ముహూర్తం, ఇప్పుడు అక్షింతలు వేయండి" అని రాశాను. సినిమాల్లో అట్లనే చూస్తాం కదా, అదే మనసులో ఉండిపోయింది. ముహూర్తం వేళకు పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఒకరి తలమీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టారు, గట్టిమేళం మోగింది, హాలంతా లేచి అక్షింతలు వేసింది. మా చెల్లె ఆఫీసు వాళ్లు మాత్రం అక్షింతలు గుప్పిట్లో పట్టుకుని, కాగితంలో ఉన్న పుస్తె కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. అంత దూరం నుంచి వచ్చినవాళ్లకు ఆ క్షణం నా వల్లే తప్పిపోయింది.

మన పెళ్లిలో సుముహూర్తం అంటే జీలకర్ర బెల్లమే. శుభలేఖలో అచ్చు వేసే టైము దానిదే, పుస్తెది కాదు. కాబట్టి కాగితంలో ఎక్కువ జాగా ఈ ఘట్టానికే ఇవ్వండి. రెండోసారి నేను ఇంగ్లీషు వైపు రాసింది ఇంచుమించు ఇది: "ఇద్దరి మధ్య ఒక తెర పట్టుకుంటారు. జీలకర్ర, బెల్లం కలిపి నూరిన ముద్దను తమలపాకులో పెట్టి ఇద్దరి చేతికీ ఇస్తారు. సరిగ్గా ఆ నిమిషానికి ఒకరి నడినెత్తిన ఒకరు ఆ ముద్ద ఉంచుతారు. డోలు, సన్నాయి ఒక్కసారిగా జోరుగా మోగుతాయి. మీరు వినాల్సిన గుర్తు అదే. లేచి నిలబడి అక్షింతలు వాళ్ల తలల మీద పడేలా మెల్లగా వేయండి. తెర తీయగానే వాళ్లు ఒకరినొకరు చూసుకుంటారు." బెల్లానికి ఇంగ్లీషులో "జాగరీ" అని మాత్రమే రాస్తే చాలామందికి అర్థం కాదు. పక్కనే చెరుకు రసం కాచి చేసేది అని ఒక ముక్క రాయండి. అక్షింతలు పసుపు కలిపిన పచ్చి బియ్యం అనీ, తినేవి కావనీ కూడా రాయాలి. మా చెల్లె లగ్గంలో ఒకాయన ప్రసాదం అనుకుని నోట్లో వేసుకున్నాడు.

పుస్తె దగ్గరా గట్టిమేళం మోగుతుంది, మళ్లీ అక్షింతలు పడతాయి. అందుకే "సగం అక్షింతలు దాచుకోండి, ఇంకోసారి అవసరం" అని ముందే చెప్పండి. మూడు ముళ్లకు ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెప్తారు. నేను వాటి జోలికి పోలేదు. బదులుగా ఆ సమయంలో పంతులుగారు చదివే శ్లోకం భావం రాశాను: నా జీవితానికి ఆధారమైన ఈ సూత్రాన్ని నీ మెడలో కడుతున్నాను, నువ్వు నూరేళ్లు బతకాలి. చదివినవాళ్లంతా ఇదే బాగుందన్నారు. పుస్తెలు రెండు ఉంటాయి, ఒకటి అమ్మగారింటిది, ఒకటి అత్తగారింటిది. అది ఒక్క వాక్యంలో చెప్తే చాలు.

కాళ్లు కడగడం జాగ్రత్తగా రాయాలి. వివరం లేకపోతే పిల్ల తల్లిదండ్రులు తమను తక్కువ చేసుకుంటున్నట్టు కనిపిస్తుంది. ఆ రోజు వరుణ్ణి విష్ణువుగా, వధువును లక్ష్మిగా భావించి చేసే పూజ అది అని రాస్తే విషయం తేటపడుతుంది. సప్తపది దగ్గర నెట్‌లో చాలాచోట్ల "అగ్ని చుట్టూ ఏడు ప్రదక్షిణలు" అని ఉంటుంది. అది ఉత్తరాది పెళ్లిళ్ల సంగతి. మన దగ్గర అవి ఏడు అడుగులు. ఏడో అడుగు తర్వాత "నాకు సఖివి కా" అనే మాట వస్తుంది, అది రాయండి. అరుంధతిని చూపించేటప్పుడు పగలైతే చుక్క కనిపించదు, అతిథులు ఆకాశంలో వెతుకుతారు. సప్తర్షి మండలంలో వసిష్ఠుడి పక్కనే ఉండే సన్నని చుక్క అనీ, పగలైతే దాని దిక్కు చూపిస్తారనీ చెప్పాలి. తలంబ్రాలకు పెద్ద వివరం అక్కర్లేదు, చూస్తేనే అర్థమవుతుంది.

తెలుగు వైపు ఎందుకు అని మీ వాళ్లు అడగవచ్చు. రెండోసారి నేను రెండు భాషల్లోనూ ఒక్కో ఘట్టానికి ఒకే నంబరు వేశాను. అతిథి ఆరో నంబరు మీద వేలు పెట్టి పక్క కుర్చీలో ఉన్న మా పిన్నిని చూస్తే, ఆమె తెలుగులో ఆరో నంబరు చదివి, "ఇంకా రాలె, అయిదు నడుస్తుంది" అని వేళ్లతో చూపించింది. ఇంగ్లీషు రాని మా పెద్దవాళ్లు, తెలుగు రాని ఆ పిల్లలు ఆ కాగితం మీద మాట్లాడుకున్నారు. అందుకే ఇంగ్లీషు వైపు కూడా ఘట్టం పేరు తెలుగుదే ఉంచండి, పలకడానికి వీలుగా ఇంగ్లీషు అక్షరాల్లో. కింద వివరం. తెలుగు వైపు మాత్రం ఇంగ్లీషుకు అనువాదంలా ఉండొద్దు. బెల్లం అంటే ఏంటో మన వాళ్లకు చెప్పే పని లేదు కదా. అక్కడ మంత్రాల భావం రాశాను, మన పిల్లలకు తెలియనిది అదే.

వరుస మాత్రం మీ పంతులుగారినే అడగాలి. కన్యాదానం జీలకర్ర బెల్లానికి ముందా తర్వాతా అన్నది ఇంటింటికీ మారుతుంది. రాసిన కాగితం ఆయన ముందు పెట్టి ఒక్కో నంబరు చదివి వినిపించండి. అరగంట పని. ముహూర్తానికి తప్ప మరే ఘట్టానికీ టైము వేయొద్దు, ఎందుకంటే ఏదీ ఆ టైముకు జరగదు. నేను పది ఘట్టాలతో ఆపాను, ఏ ఫోర్ కాగితం మధ్యకు మడిస్తే సరిపోయింది.

అచ్చు సంగతి ఒకటి. ఫోన్‌లో టైప్ చేసిన తెలుగును వాట్సాప్‌లో ప్రింటింగ్ షాపుకు పంపకండి. పత్రికలు వేసే షాపుల్లో చాలామంది ఇంకా పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేస్తారు. యూనికోడ్ తెలుగు అందులో అతికిస్తే అక్షరాలు పాడవుతాయి, లేదా వాళ్లే మళ్లీ టైప్ చేస్తారు, అప్పుడు తప్పులు దొర్లుతాయి. మీరే పేజీ కట్టి పీడీఎఫ్ చేసి ఇవ్వండి. ఒక కాపీ తీయించి "జీలకర్ర", "ముహూర్తం", "అక్షింతలు" మాటల్లో ఒత్తులు సరిగా పడ్డాయో లేదో చూసి, ఆ తర్వాతే మిగతావి వేయించండి. కాగితాలు హాలు గుమ్మం దగ్గర కుప్పగా పెట్టకుండా, అక్షింతల పొట్లంతో కలిపి అతిథుల చేతికి ఇచ్చే పని ఇంట్లో ఒకరికి అప్పజెప్పండి. మా పెదనాన్న ఇంట్లో ఇంటర్ చదివే మా మేనకోడలు ఆ పని చేసింది, ముహూర్తానికి ముందు వెళ్లి వాళ్ల పక్కనే నిలబడింది కూడా.