ఫోటోకి డబ్బు కట్టాం, మొహానికి కట్టామా?

ప్రశ్న: మా క్లినిక్ ప్రకటన కోసం ఒక స్టాక్ ఫోటో సైట్‌లో డబ్బు కట్టి ఫోటో కొన్నాం. అందులో ఉన్నావిడ ప్రకటనల్లో వాడటానికి ఒప్పుకుని సంతకం పెట్టిందా అని వాళ్లకి ఈమెయిల్ పెట్టాలంటున్నాడు మా డిజైనర్. కొన్నాక ఇంకా అడగడమేంటి? అడిగితే ఏమని అడగాలి?

మీ డిజైనర్‌కి నా తరఫున ఒక కాఫీ ఇప్పించండి. పద్దెనిమిదేళ్లుగా గుంటూరులో డిజైన్ పని చేస్తున్నాను. ఈ ప్రశ్న అడిగే కుర్రాళ్లని చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అడగకపోతే ఏమవుతుందో నాకు తెలిసింది తన్నులు తిన్నాకే.

అప్పట్లో ఒక చర్మ వైద్యుడికి ఆటోల వెనక కట్టే ఫ్లెక్సులు చేశాను. ఉచితంగా ఫోటోలిచ్చే సైట్ ఒకదాంట్లో నవ్వుతున్న అమ్మాయి బొమ్మ దొరికితే పెట్టేశాను. పక్కన 'తెల్లమచ్చలా? దిగులు వద్దు' అని రాశాం. నలభై ఆటోలు తిరిగాయి. నాలుగో రోజు రాత్రి తొమ్మిదింటికి ఫోన్. 'మా చెల్లెలికి తెల్లమచ్చలున్నాయని నీకెవడు చెప్పాడ్రా?' ఆ అమ్మాయిది పక్క జిల్లా. స్నేహితురాలి పెళ్లిలో ఎవరో తీసిన ఫోటో అది, తీసినవాడు సరదాగా సైట్‌లో పెట్టాడు. తనకేమో పెళ్లి సంబంధాలు చూస్తున్నారట. ఆ రాత్రి నేనూ, ప్రింటింగ్ షాపు కుర్రాడూ స్టాండు స్టాండూ తిరిగి బ్లేడుతో ఫ్లెక్సులు కోశాం. ముప్పై ఏడు దొరికాయి. మిగతా మూడు ఎక్కడ తిరిగాయో ఆ దేవుడికే తెలియాలి. డాక్టరు మాత్రం 'సైట్‌లో ఉచితం అని రాసుందిగా' అంటూనే ఉన్నాడు.

అక్కడే ఉంది తిరకాసు. ఉచితమైనా, వేలు పోసి కొన్నా, సైట్ మనకిచ్చేది ఫోటోగ్రాఫర్ హక్కు. ఫోటో తీసినవాడు 'వాడుకో' అన్నాడు, అంతవరకే. ఫోటోలో ఉన్న మనిషి అనలేదు. ఆ మనిషి అనుమతి వేరే కాగితం, దాన్నే మోడల్ రిలీజ్ అంటారు. అందులో మోడల్ పేరు, పుట్టిన తేదీ, ఫోటోలు తీసిన రోజు, సంతకం, సాక్షి సంతకం ఉంటాయి. చిన్నపిల్లలైతే అమ్మో నాన్నో సంతకం పెట్టాలి. పేరున్న ఏజెన్సీలు ఈ కాగితం లేకపోతే ఫోటోని వార్తలకీ వ్యాసాలకీ మాత్రమే అమ్ముతాయి. ఫోటో పేజీలో Editorial use only అని కనిపిస్తే అర్థం అదే, ప్రకటనకి పనికిరాదు. ఈమెయిల్ కూడా దండగ, ఇంకో ఫోటో వెతుక్కోండి. ఉచిత సైట్లలో చాలావాటికి ఈ కాగితం గొడవే పట్టదు, నిబంధనల్లో ఎక్కడో మూల 'మనుషుల అనుమతి మీరే చూసుకోండి' అని రాసేసి చేతులు దులుపుకుంటాయి.

ఇక ఈమెయిల్ సంగతి. మూడేళ్ల కిందట ఒక సంతాన సాఫల్య కేంద్రం వాళ్లు హోర్డింగ్ కావాలన్నారు. డాక్టరమ్మ తనే ఒక ఫోటో ఎంచుకొచ్చింది. మంచానికి అటొకరు ఇటొకరు మొహాలు తిప్పుకుని కూర్చున్న భార్యాభర్తలు. వెనక తలుపు దగ్గర, కాస్త మసగ్గా, నడుం మీద చెయ్యేసుకుని ఒక పెద్దావిడ. ఎవరు చూసినా అత్తగారే అంటారు. ఫోటో పేజీలో మోడల్ రిలీజ్ ఉంది అనే రాసుంది. అయినా చెయ్యి కాలినవాణ్ని కదా, కొనకముందే ఈమెయిల్ పెట్టాను.

మొదటిది ఎంత దిక్కుమాలినదంటే, 'ఈ ఫోటో ప్రకటనకి వాడొచ్చా?' అని ఒకే ఒక్క వాక్యం. జవాబు కూడా దానికి తగ్గట్టే వచ్చింది: 'దయచేసి మా లైసెన్సు చదవగలరు.' తప్పు వాళ్లది కాదు. రోజుకి ఎన్ని వస్తాయో అలాంటివి.

రెండోసారి కూర్చుని రాశాను. ఇంగ్లీషులో పంపిందాని సారం ఇది:

'ఫోటో నంబరు ఇది. ఈ ఖాతాతో కొనబోతున్నాం. సంతాన సాఫల్య చికిత్స చేసే ఆసుపత్రి ప్రకటన కోసం, గుంటూరులో రెండు హోర్డింగులు, ఫేస్‌బుక్ ప్రకటన, ఆరు నెలలు. పక్కన వచ్చే మాట: "పెళ్లయి ఐదేళ్లయినా పిల్లల్లేరా?" మీ వాటర్‌మార్కు ఉన్న నమూనాతో చేసిన డిజైన్ జతచేశాను. మూడు విషయాలు చెప్పండి. ఒకటి, ఫోటోలో ముగ్గురున్నారు, ముగ్గురి సంతకాలూ మీ దగ్గర ఉన్నాయా? రెండు, ఆ సంతకాలు ప్రకటనలకి వర్తిస్తాయా? మూడు, వీళ్లకి సంతానలేమి ఉన్నట్టు చూసేవాళ్లు అనుకుంటారు, మీ లైసెన్సు దానికి ఒప్పుకుంటుందా?'

ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైనది మూడోది. జనం అడగనిదీ అదే. సంతకం ఉంటే చాలనుకుంటారు. సబ్బు ప్రకటనకి సరిపోయే సంతకం జబ్బు ప్రకటనకి సరిపోదు. జబ్బు, మందు అలవాటు, అప్పులు, విడాకులు, ఇలాంటి వాటి పక్కన మోడల్ మొహం పెడితే ఏజెన్సీలు దాన్ని సెన్సిటివ్ వాడకం కింద లెక్కేస్తాయి. అందరి రూలూ ఒకటి కాదు. నేను చదివిన లైసెన్సుల్లో, షట్టర్‌స్టాక్ మోడల్‌ని జబ్బుతో బాధపడుతున్నట్టు చూపించడమే వద్దంది. ఐస్టాక్ వాళ్లయితే, బొమ్మలో ఉన్నది మోడల్ మాత్రమేనని స్పష్టంగా రాస్తే ఒప్పుకుంటామన్నారు. అందుకే పక్కన వచ్చే వాక్యంతో సహా డిజైన్ పంపమంటున్నాను. ఆ వాక్యం చూడకుండా వాళ్లిచ్చే 'సరే'కి విలువ లేదు.

రెండు రోజుల్లో మనిషి రాసిన జవాబు వచ్చింది. భార్యాభర్తల సంతకాలు ఉన్నాయట, ప్రకటనలకి వర్తిస్తాయట. సెన్సిటివ్ వాడకమే కాబట్టి 'చిత్రంలోని వారు మోడళ్లు' అని చదవగలిగే సైజులో వెయ్యాలట. అత్తగారి సంతకం మాత్రం లేదు! 'ఆమె మసకగా ఉంది, గుర్తుపట్టే స్థితిలో లేదని భావించాం' అన్నారు.

గుర్తుపట్టే స్థితి అంటే ఏంటో ఆ రాసినవాళ్లకి మన ఊళ్లు తెలిస్తే కదా. మన దగ్గర మనిషిని మొహంతోనే గుర్తుపడతారా? ఆ చీర అంచు, ఆ నడుం మీద చెయ్యి, ఆ నిలబడ్డ తీరు చూసి వీధి చివర నుంచే 'మన సుబ్బమ్మత్త కదూ' అంటారు. పచ్చబొట్టో, మెళ్లో నానుతాడో కనిపించినా చాలు. నేను ఆవిణ్ని కోసేస్తానని రాశాను, కత్తిరించుకోవడానికి అభ్యంతరం లేదన్నారు.

సంతకం చేసిన కాగితం కాపీ కూడా అడిగాను, ఇవ్వలేదు. అందులో మోడల్ చిరునామా, ఫోన్ నంబరు ఉంటాయి, ఇవ్వకపోవడమే న్యాయం. కాపీ రాలేదని మీరు కంగారుపడక్కర్లేదు. 'మా దగ్గర ఉంది, ఈ వాడకానికి వర్తిస్తుంది' అని రాతపూర్వకంగా చెప్పడమే మనకి కావలసింది. ఆ ఈమెయిల్‌నీ, ఆ రోజు ఫోటో పేజీ ఎలా ఉందో స్క్రీన్‌షాట్‌నీ, బిల్లునీ ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి. ఫోటోలు సైట్ల నుంచి చెప్పాపెట్టకుండా మాయమవుతుంటాయి, అప్పుడు ఆ పేజీని సాక్ష్యంగా చూపించడానికి ఏమీ మిగలదు.

'పెద్ద ఏజెన్సీ కదా, తప్పు చేస్తారా' అంటారేమో. చేశారు. 2013లో న్యూయార్క్ రాష్ట్ర మానవ హక్కుల విభాగం హెచ్ఐవీ ఉన్నవాళ్ల హక్కుల గురించి ఒక ప్రకటన వేసింది. అందులో ఉన్న అమ్మాయికి హెచ్ఐవీ లేదు. సంగీతం గురించిన ఒక వ్యాసం కోసం తీసిన ఫోటో అది, ఆమె ఏ రిలీజూ సంతకం పెట్టలేదు, ఏజెన్సీ ద్వారా ప్రకటనలోకి చేరింది. ఏజెన్సీ మీదా, రాష్ట్రం మీదా కూడా కేసు వేసింది.

అంత దూరమెందుకు, 2018లో తెలంగాణ ప్రభుత్వ ప్రకటనలు గుర్తున్నాయా? ఒకే మహిళ ఫోటో, రైతు బీమా ప్రకటనలో పక్కన ఒక భర్త, కంటి వెలుగు ప్రకటనలో ఇంకో భర్త. జనం నవ్వుకున్నారు. ఆ ఇంట్లో ఎవరైనా నవ్వి ఉంటారా?

మన కోర్టులు కూడా ఊరుకోవు. తమిళనాడులో హత్యలకి ఉరిశిక్ష పడ్డ ఆటో శంకర్ ఆత్మకథ కేసులో 1994లోనే సుప్రీంకోర్టు చెప్పింది, మనిషి పేరునో రూపాన్నో ఒప్పుకోలు లేకుండా ప్రకటనలకి వాడితే అది గోప్యత హక్కుని ఉల్లంఘించడమేనని. నోటీసు వస్తే ఏజెన్సీ పేరు హోర్డింగ్ మీద ఉండదు కదా, మీ క్లినిక్ పేరే పెద్దక్షరాల్లో ఉంటుంది, ఫోన్ నంబరుతో సహా.

అసలు నన్నడిగితే ఈ స్టాక్ ఫోటోల పిచ్చే అనవసరం. మన ఊరి మోకాళ్ల డాక్టరు ప్రకటనలో ఎవరో తెల్లజుట్టు దొర సముద్రం ఒడ్డున పరుగెడుతుంటాడు. మా బావమరిదిని వెయ్యి రూపాయలిచ్చి కూర్చోబెట్టి, తెలుగులో ఒప్పంద పత్రం రాయించి, ఏ ప్రకటనకి ఎంతకాలమో అందులోనే వేయించి సంతకం తీసుకుంటే ఇన్ని ఈమెయిళ్లు ఉండవు. ఈ మాట చెబితే పార్టీలు 'రిచ్ లుక్ రాదండీ' అంటారు. సరే, వాళ్ల డబ్బు.

హోర్డింగ్ సంగతి చెప్పలేదు కదా. అత్తగారిని కోసేసిన డిజైన్ పంపితే డాక్టరమ్మ అలిగింది. 'ఆవిడుంటేనే కదండీ సమస్య తెలిసేది' అంది. చివరికి ఈమెయిల్ చూపించి ఒప్పించాను. ప్రింటింగ్ షాపతను కింద ఉన్న 'చిత్రంలోని వారు మోడళ్లు' లైను అక్షర దోషమనుకుని తీసేయబోతే పట్టుకున్నాను. అరండల్‌పేటలో ఎక్కించాం. వారం తిరక్కుండా రిసెప్షన్‌కి ఒకాయన ఫోన్ చేశాడట: 'మోడళ్లని రాశారేంటమ్మా, మీ దగ్గర నిజంగా పిల్లలు పుట్టినవాళ్లు ఎవరూ లేరా?'