జ్వరంతో పరీక్షకు వెళ్లలేకపోతే మళ్లీ రాయనిస్తారా?

"రేపే సెమిస్టర్ పరీక్ష. నాకు సాయంత్రం నుంచి జ్వరం. వెళ్లకపోతే వేరే రోజు రాయనిస్తారా?"

కొన్ని యూనివర్సిటీల్లో రాయనిస్తారు, కానీ వీలైతే పరీక్ష మొదలయ్యేలోపే మీరు చెప్పాలి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ఎలాగోలా హాల్లో కూర్చుని, సగం రాసి, మార్కులు తగ్గాక సర్టిఫికెట్ పట్టుకెళ్తారు. కొన్నిచోట్ల పేపర్ అందుకుంటే ఆరోగ్యం బాగున్నట్టు ఒప్పుకున్నట్టే లెక్క, తర్వాత ఆ మాట వినరు. హాల్లోనే ఒళ్లు తూలితే వెంటనే ఇన్విజిలేటర్‌కు చెప్పి, రిపోర్టులో రాయించండి.

మీ విషయానికొస్తే, ఈ రాత్రే పరీక్షల విభాగానికి మెయిల్ పెట్టండి. హాల్ టికెట్ నంబర్, పేపర్ పేరు, తేదీ, రెండు ముక్కల్లో కారణం చాలు. రేపు జ్వరం ఉండగానే డాక్టర్‌ను కలవండి. నాలుగు రోజుల తర్వాత తెచ్చిన సర్టిఫికెట్‌లో "రోగి చెప్పిన ప్రకారం" అని ఉంటే దాన్ని పక్కన పెట్టేస్తారు. డాక్టర్ స్వయంగా చూసిన తేదీ, పరీక్ష రాయలేని రోజులు అందులో ఉండాలి.

ఒప్పుకుంటే వాయిదా పరీక్ష ఇస్తారు, సాధారణంగా అది మొదటి ప్రయత్నంగానే లెక్క. చెప్పకుండా మానేస్తే ఆబ్సెంట్ పడుతుంది, సప్లిమెంటరీ రాయాలి. కొన్నిచోట్ల అందులో ఎన్ని మార్కులొచ్చినా పాస్ మార్కులే వేస్తారు.

ర్యాంకుల కోసం అందరికీ ఒకేరోజు పెట్టే ప్రవేశ పరీక్షల్లో మాత్రం ఒక్కరి కోసం మళ్లీ పెట్టడం చాలా అరుదు. తర్వాతి విడత దాకా ఆగాల్సిందే.