ఎక్స్‌రేలో రాయి లేదు, స్కానింగ్‌లో ఉంది: మా డాల్మేషియన్‌కు ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది మిర్యాలగూడ. మా డాల్మేషియన్ మగకుక్కకు నాలుగేళ్లు, బరువు 24 కిలోలు. పది రోజులుగా చుక్కలు చుక్కలుగా పోస్తోంది, ఒకసారి రక్తం కూడా పడింది. ఎక్స్‌రే తీస్తే ఏమీ లేదన్నారు, స్కానింగ్‌లో మాత్రం మూత్రాశయంలో మూడు నాలుగు చిన్న రాళ్లు ఉన్నాయన్నారు. దేన్ని నమ్మాలి? పక్కింటి వాళ్ల పామరేనియన్‌కు ఆక్సలేట్ రాయి అని ఆపరేషన్ చేశారు. వాళ్లు వాడుతున్న సిరప్, వాళ్లు చెప్పిన పత్యమే మాదానికీ వాడొచ్చా? రోజూ అన్నంలో చికెన్ కార్జం కలిపి పెడతాం, ఇంకేదీ తినదు.

జవాబు: రెండూ నిజమేనండీ, అవి రెండూ కలిస్తేనే అసలు విషయం తెలుస్తుంది. ఆక్సలేట్ రాయిలో కాల్షియం ఉంటుంది కాబట్టి ఎముకలాగే ఎక్స్‌రేలో తెల్లగా, గట్టిగా కనిపిస్తుంది. యూరిక్ ఆసిడ్‌తో కట్టే యూరేట్ రాయిలో కాల్షియం లేదు, దాని నీడ మూత్రంలోనే కలిసిపోతుంది, ఒక్కోసారి లీలగా కనబడుతుంది, చాలాసార్లు అసలు కనబడదు. స్కానింగ్‌కు ఈ తేడా లేదు, ఏ రాయి అయినా తెల్లటి మచ్చగా, దాని వెనక నల్లటి నీడతో చూపిస్తుంది. అంటే స్కానింగ్ రాయి ఉందని చెబుతుంది గానీ ఏ రాయో చెప్పదు. స్కానింగ్‌లో బాగా కనిపించే రాయి ఎక్స్‌రేలో మాయమైందంటే, అదీ డాల్మేషియన్‌లో, నాకు ముందు తట్టేది యూరేటే.

ఒక చిన్న అనుమానం మాత్రం తీర్చుకోవాలి. ఎక్స్‌రేలో పొట్ట ఒక్కటే పడిందా, తోక కింద దాకా మూత్రనాళం మొత్తం పడిందా? మగకుక్కలో రాయి ఎక్కువగా ఇరుక్కునేది పురుషాంగంలోని ఎముక మొదట్లో, అక్కడికి స్కానింగ్ సరిగా చేరదు. వెనక కాళ్లు ముందుకు లాగి పట్టుకుని ఇంకొక ఎక్స్‌రే తీయమనండి. అప్పటికీ సందేహం ఉంటే ట్యూబు వేసి మూత్రాశయంలోకి రంగు మందు, గాలి పంపి ఎక్స్‌రే తీస్తారు, అందులో యూరేట్ రాళ్లు కూడా తేలతాయి. మూత్ర పరీక్షకు అప్పుడే పట్టిన శాంపిల్ ఇవ్వండి, అరగంట గంట లోపు చూడాలి. ఫ్రిజ్‌లో పెట్టిన మూత్రంలో లేని స్ఫటికాలు కూడా పుడతాయి, వాటిని చూసి రాయి పేరు పెట్టేస్తే మొత్తం దారి తప్పుతుంది.

డాల్మేషియనే ఎందుకు అంటే, వేరే కుక్కల్లో యూరిక్ ఆసిడ్ లివర్‌లోకి వెళ్లి నీళ్లలో తేలిగ్గా కరిగే అల్లంటోయిన్‌గా మారిపోతుంది. ఈ జాతిలో ఒక జన్యులోపం వల్ల యూరిక్ ఆసిడ్ లివర్ కణాల్లోకి సరిగా పోదు, కిడ్నీ కూడా దాన్ని వెనక్కి పీల్చుకోలేదు, అదంతా మూత్రంలోకి దిగుతుంది. ప్యూర్ బ్రీడ్ డాల్మేషియన్లన్నిటికీ ఈ లోపం పుట్టుకతోనే ఉంటుంది, రాయి మాత్రం అన్నిటికీ రాదు. (ఇదే రాయి షిట్జూ లాంటి చిన్న కుక్కలో దొరికితే నేను లివర్‌నే అనుమానిస్తాను, రక్తం లివర్‌ను దాటి పక్కదారిన పోతోందేమో అని బైల్ ఆసిడ్స్ పరీక్ష చేయిస్తాను.)

ఇక మీ కార్జం సంగతి. యూరిక్ ఆసిడ్ పుట్టేది తిండిలో ఉండే ప్యూరిన్లు అనే పదార్థాల నుంచి, కార్జం, కిడ్నీ, గుండె, చిన్న చేపల్లో అవి దండిగా ఉంటాయి. అంటే రోజూ ఇంట్లోనే రాయికి మేత వేస్తున్నారు. ఇవాళే ఆపేయండి, మామూలు మటన్, చికెన్ కూడా తగ్గించాలి. గుడ్డు, పెరుగు, పనీర్‌లో ప్యూరిన్లు చాలా తక్కువ, అన్నంతో అవే పెట్టండి. రెండు రోజులు ముఖం తిప్పుకుంటుంది, మూడో రోజు తింటుంది. నెలల తరబడి ఇదే పెడితే విటమిన్లు, ఖనిజాలు చాలవు, అందుకే తక్కువ ప్యూరిన్ డాగ్ ఫుడ్ దొరికితే అదే మేలు. కొనేటప్పుడు జాగ్రత్త, ప్యాకెట్ మీద యూరినరీ అని ఉంటే చాలదు, స్ట్రువైట్ అనే ఇంకో రకం రాళ్ల కోసం చేసినవి మూత్రాన్ని పుల్లగా మారుస్తాయి, మీ కుక్కకు కావలసింది దానికి పూర్తిగా తిరగేసి.

పక్కింటి పత్యం సగం పనికొస్తుంది, సగం పనికిరాదు. ఆక్సలేట్ రాయి మందులతో కరగదు, అందుకే వాళ్లు తీయించుకున్నారు, ఇప్పుడు వాళ్ల పని మళ్లీ రాకుండా చూసుకోవడమే. పాలకూర లాంటివి మానడం వాళ్ల గొడవ. అక్కడ కూడా చాలామంది చేసే తప్పు పాలు, పెరుగు మొత్తం ఆపేయడం. కడుపులో కాల్షియం తగ్గితే ఆక్సలేట్ ఇంకా ఎక్కువ రక్తంలోకి పోతుంది. వాళ్ల కుక్క రక్తంలో కాల్షియం ఎంత ఉందో ఒకసారి చూపించమనండి, ఎక్కువ ఉంటే రోగం వేరే చోట ఉన్నట్టు. ఆ సిరప్‌లో ఉన్నది పొటాషియం సిట్రేట్ అయితే మీదానికీ అవసరం పడొచ్చు, కానీ మూత్రం పీహెచ్ చూసి, 7 నుంచి 7.5 మధ్య ఉండేలా డోసు నిర్ణయించాలి. మనుషుల షుగర్‌ఫ్రీ సిరప్ మాత్రం తేకండి, అందులో జైలిటాల్ ఉంటే కుక్కకు విషం.

యూరేట్‌లో మనకు కలిసొచ్చేది కరిగించే అవకాశం. మందు అల్లోప్యూరినాల్, కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన పన్నెండు గంటలకొకసారి, మీ కుక్కకు పూటకు 360 దాకా వస్తుంది, కిడ్నీ పరీక్ష చూసి మీ డాక్టరే ఖరారు చేయాలి. నెలకోసారి స్కానింగ్. కొన్నిటికి నెలలో కరుగుతాయి, కొన్నిటికి మూడు నాలుగు నెలలు, కొన్నిటికి కరగనే కరగవు, అప్పుడు ఆపరేషనే.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. సూర్యాపేట వైపు నుంచి ఒకాయన తన డాల్మేషియన్‌ను నాకు చూపించేవారు. రెండు నెలలకు రాళ్లు సగమయ్యాయి, మూడో నెల స్కానింగ్‌లో మళ్లీ పెద్దవయ్యాయి. మందు ఒక్కపూట తప్పలేదు సార్ అన్నారు, నిజమే, కానీ ఇంట్లో నానమ్మ జాలిపడి మధ్యాహ్నం కార్జం పెడుతోంది! అల్లోప్యూరినాల్ యూరిక్ ఆసిడ్‌ను ఆపుతుంది, దానికి ముందు మెట్టయిన జాంథీన్ పోగవుతుంది, ప్యూరిన్లు తింటూ మందు వాడితే ఆ జాంథీనే రాయి కడుతుంది. ఆపరేషన్ చేసి తీసిన రాయిని పొడిగా, ఫార్మలిన్ పోయకుండా ల్యాబ్‌కు పంపితే పైపొర జాంథీన్ అనే వచ్చింది. కాబట్టి పత్యం లేకుండా ఈ మందు మొదలుపెట్టొద్దు, ఇంట్లో అందరికీ చెప్పండి.

నీళ్ల విషయంలో మాత్రం మీరూ పక్కింటివాళ్లూ ఒకటే. మన ఎండలకు నీళ్ల గిన్నె ఒక్కటి చాలదు, అన్నం గంజిలా జారుగా కలిపి పెట్టండి, దాహం కోసం ఉప్పు మాత్రం వేయొద్దు. మూత్రం సాంద్రత 1.020 కంటే తక్కువ ఉందంటే నీళ్లు సరిపోతున్నట్టు. నాలుగు గంటలకోసారి బయటికి తీసుకెళ్లండి, రాత్రంతా ఆపుకున్న చిక్కటి మూత్రంలోనే రాయి పెరుగుతుంది.

కరుగుతూ చిన్నవైన రాయి మూత్రనాళంలోకి జారొచ్చు. కాలెత్తి ముక్కుతూ చుక్క కూడా రాకపోతే, లేదా పొట్ట గట్టిపడి వాంతులైతే తెల్లారేదాకా ఆగకండి, రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోతుంది. ఆ పూటే తీసుకెళితే ట్యూబుతో సెలైన్ పంపి రాయిని వెనక్కి మూత్రాశయంలోకి నెట్టొచ్చు.