సెలవులు, మీటింగులు, సపోర్ట్ పోగా స్ప్రింట్‌లో ఎంత పని తీసుకోవాలి?

ప్రశ్న: మేం అయిదుగురం డెవలపర్లం, రెండు వారాల స్ప్రింట్. సెలవులు తీసేసే ప్లాన్ చేస్తున్నాం, అయినా ప్రతిసారీ దాదాపు మూడో వంతు పని తర్వాతి స్ప్రింట్‌కి జారిపోతోంది. మీటింగులు, సపోర్ట్ డ్యూటీ ఎలా తీసెయ్యాలి? గంటల్లో లెక్కెయ్యాలా, పాయింట్లలోనా? ఎవరైనా మీ టీమ్‌లో ఎలా చేస్తారో చెప్పండి.

జవాబు:

గంటలు లెక్కెయ్యండి, కానీ పని మాత్రం పాయింట్లలోనే తీసుకోండి. ఈ స్ప్రింట్ పోయిన స్ప్రింట్ల కంటే ఎంత చిన్నదో, ఎంత పెద్దదో తెలుసుకోడానికే గంటలు, ఇంక దేనికీ కాదు. మా టీమ్ కూడా దాదాపు మీ అంతదే, ఈ షీట్ చాలా కాలంగా నేనే చూస్తున్నా, అందుకే మేం చేసే పద్ధతిని ఒక స్ప్రింట్ తీసుకుని మొత్తం చూపిస్తా.

పది పని దినాలు అనుకుందాం, అందులో ఒక రోజు అందరికీ సెలవు, అంటే మిగిలేవి తొమ్మిది. ఒక్కో మనిషికి ఒక్కో వరుస: B లో పని దినాలు, C లో సొంత సెలవులు, D లో మీటింగ్ గంటలు, E లో సపోర్ట్ వాటా. ఫార్ములా ఇదే:

```
=((B2-C2)*8-D2)*(1-E2)
```

D లో అందరికీ ఒకే అంకె వేసెయ్యకండి, అక్కడే ఎక్కువ మంది లెక్క తప్పుతుంది. స్ప్రింట్ మీటింగులు చూస్తే, రోజూ స్టాండప్ 15 నిమిషాలు, ప్లానింగ్ రెండు గంటలు, రిఫైన్‌మెంట్ రెండు గంటలు, రివ్యూ, రెట్రో చెరో గంట, మొత్తం ఎనిమిది గంటల పైచిలుకు అవుతుంది, దానికి మేనేజర్‌తో విడిగా మాట్లాడే టైమూ కంపెనీ మీటింగూ కలిపి మామూలు డెవలపర్‌కి పది వేసుకోవచ్చు. కానీ టీమ్ లీడ్ క్యాలెండర్ ఒకసారి తెరిచి చూడండి, డిజైన్ డిస్కషన్లు, వేరే టీమ్‌లతో కాల్స్, ఇంటర్వ్యూలు అన్నీ కలిపి ఇరవై గంటలు సులువుగా దాటుతుంది. అందుకే ఎవరి క్యాలెండర్ వాళ్ళే చూసి ఎవరి అంకె వాళ్ళే చెప్పాలి, ప్లానింగ్ ముందు రోజు అయిదు నిమిషాల పని అది.

ఇప్పుడు మన అయిదుగురు. లీడ్‌కి 72 గంటల్లో 20 మీటింగులకి పోతే 52. రెండో వ్యక్తి సెలవేం పెట్టలేదు, 62. మూడో ఆవిడ మూడు రోజులు సెలవు, అంటే 48 గంటలు, లేని రోజుల మీటింగులు ఆవిడకి ఉండవు కాబట్టి పది కాదు ఎనిమిదే తీస్తాం, 40. నాలుగో అతను ఈ స్ప్రింట్ సపోర్ట్ మీద ఉన్నాడు, మీటింగులు పోగా 62, అందులో సగం సపోర్ట్‌కి, మిగిలింది 31. అయిదో అతను ఒక రోజు సెలవు, 54. అన్నీ కలిపితే 239 గంటలు. అయిదుగురు, పది రోజులు, రోజుకి ఎనిమిది గంటలు అని కాగితం మీద వేస్తే 400 వస్తుంది. మీరు సెలవులు మాత్రమే తీసేస్తున్నారు అన్నారు కదా, ఇదే స్ప్రింట్‌లో ఆ లెక్కకి 328 వస్తుంది. 328కీ 239కీ మధ్య ఉన్న తేడానే చాలావరకు మీకు తర్వాతి స్ప్రింట్‌కి జారిపోతున్న పని.

ఇక్కడ చాలామంది ఇంకో అడుగు వేస్తారు, కోడ్ రివ్యూలు, మెయిల్స్, మధ్యలో వచ్చే ప్రశ్నలు అని చెప్పి 239లో మళ్ళీ 80 శాతమే తీసుకుంటారు. మీరు టాస్కుల్ని గంటల్లోనే అంచనా వేస్తుంటే అది కరెక్టే, దాదాపు 190 గంటల పనే తీసుకోండి. కానీ పాయింట్లు వాడుతుంటే ఆ 80 శాతం వద్దు, ఎందుకంటే పాత వెలాసిటీలో ఆ రివ్యూలూ మెయిల్సూ అకస్మాత్తుగా వచ్చిన జ్వరాలూ అన్నీ ఇమిడే ఉన్నాయి, మళ్ళీ తీస్తే ఒకే దాన్ని రెండుసార్లు తీసినట్టు. అప్పుడు టీమ్ రెండో వారం బుధవారానికే ఖాళీ అయిపోయి ప్లాన్‌లో లేని స్టోరీలు లాక్కుంటుంది, తర్వాత మేనేజర్ "మీరు తక్కువ తీసుకుంటున్నారు" అంటారు, ఆ తర్వాత ఈ షీట్‌నే ఎవరూ నమ్మరు.

పాయింట్లకి ఇలా మార్చండి. పోయిన మూడు స్ప్రింట్లకీ ఇదే ఫార్ములా వెనక్కి వేసి చూడండి. ఉదాహరణకి గంటలు 270, 290, 280 వచ్చాయి, పూర్తయిన పాయింట్లు 36, 39, 37. మొత్తం 840 గంటలకి 112 పాయింట్లు, అంటే పాయింట్‌కి ఏడున్నర గంటలు. ఈ స్ప్రింట్ 239ని ఏడున్నరతో భాగిస్తే దాదాపు 31.9, మేమైతే 31 తీసుకుంటాం. సగటు వెలాసిటీ 37 అని అదే తీసుకుని ఉంటే ఆరు పాయింట్లు మొదటి రోజే మునిగినట్టు. పూర్తయినవి అంటే నిజంగా పూర్తయినవే లెక్కెయ్యండి, సగం అయిన స్టోరీకి సగం పాయింట్లు వేస్తే నిష్పత్తి మొత్తం పాడవుతుంది. అలాగే పాయింట్‌కి ఏడున్నర గంటలు అనేది మీ షీట్ లోపలి అంకె మాత్రమే, దాన్ని తీసుకెళ్ళి ఒక్కో స్టోరీ ఎన్ని గంటల్లో అవ్వాలో అడగడానికి దయచేసి వాడొద్దు.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఏంటంటే సపోర్ట్ సగం అని మీరు వేసింది కాస్త తప్పైనా నష్టం పెద్దగా లేదు, ప్రతి స్ప్రింట్‌లో అదే తప్పు ఉంటే నిష్పత్తే దాన్ని సర్దేస్తుంది. దెబ్బ తగిలేది మారినప్పుడే. పెద్ద రిలీజ్ అయిన వెంటనే వచ్చే స్ప్రింట్‌లో టికెట్లు ఎక్కువ వస్తాయి, అప్పుడు మేం ఇంకొకరికి కూడా E లో 0.25 పెడతాం.

మొత్తం అంకె సరిపోయినా పని ఆగిపోయే సందర్భం ఒకటి ఉంది, అది షీట్‌లో కనపడదు. మాకు ఒకసారి పేమెంట్స్ కోడ్ బాగా తెలిసిన అతనే సపోర్ట్ మీద ఉన్నాడు, అది రివ్యూ చెయ్యగలిగిన ఆవిడ స్ప్రింట్ చివరి మూడు రోజులు సెలవు. పాయింట్ల లెక్క సరిగ్గానే ఉంది, కానీ తీసుకున్న స్టోరీల్లో సగం పైన పేమెంట్స్‌వే, నాలుగు పుల్ రిక్వెస్టులు ఎవరూ చూడక స్ప్రింట్ అయిపోయేదాకా అలాగే పడి ఉన్నాయి. అప్పట్నుంచి స్టోరీలు ఎంచేటప్పుడే ప్రతిదాని పక్కన రాసేవాళ్ళు ఎవరు, రివ్యూ చేసేవాళ్ళు ఎవరు అని పెడుతున్నాం, ఒకే పేరు మూడుసార్లు కంటే ఎక్కువ కనిపిస్తే ఒక స్టోరీ మార్చేస్తాం. చివర్లో సెలవున్న వాళ్ళ స్టోరీలు ముందు మొదలుపెడతాం. మీకు టెస్టర్ విడిగా ఉంటే ఆ వరుస వేరుగానే చూడండి, డెవలపర్ల గంటల్లో కలిపితే టెస్టింగ్ దగ్గర ఇరుక్కోవడం కనపడదు.

మీ విషయంలో నేను ముందు అనుమానించేది సపోర్టే. సపోర్ట్ మీదున్న వాళ్ళు సాయంత్రం ఒక్క అంకె రాసి పెడితే చాలు, ఈ రోజు ఎన్ని గంటలు దానికి పోయాయి అని, టికెట్ నంబర్లు కూడా అక్కర్లేదు. రెండు స్ప్రింట్లు అలా రాసి చూడండి. సగం అనుకున్నది రెండుసార్లూ 70 శాతం దగ్గర తేలితే E లో 0.7 పెట్టి, పాత మూడు స్ప్రింట్లకీ అదే అంకెతో మళ్ళీ లెక్కేసుకోండి. ఒకసారి 30, ఇంకోసారి 90 అలా ఊగుతుంటే మాత్రం ఏ అంకె పెట్టినా కుదరదు, సపోర్ట్ మీదున్న వాళ్ళకి ఆ స్ప్రింట్‌లో డేట్ ఉన్న స్టోరీ ఏదీ ఇవ్వకుండా, ఆలస్యమైనా ఎవరినీ ఆపని చిన్న పనులు మాత్రమే ఇవ్వండి.