నాన్నగారి ఫోన్‌కి ఏ రీచార్జ్ వేయాలి?

ప్రశ్న: సార్, మా నాన్నగారు రిటైరై మూడేళ్లయింది. ఆయన ఎయిర్‌టెల్ నంబర్‌కి ప్రతిసారీ 299 ప్లాన్ వేయిస్తున్నాను. ఇంట్లో వైఫై ఉంది. బయటికెళ్తే వాట్సాప్, ఫోన్‌పే తప్ప పెద్దగా వాడరు. ఇంతకంటే తక్కువలో అయ్యే ప్లాన్ ఉందా? నెలకి ఎంత, డేటా ఎంత, ఎన్ని రోజులు వస్తుందో టేబుల్‌లా వేసి చెప్పండి.

జవాబు: ఉందండీ. కాకపోతే టేబుల్ చూసే ముందు నాన్నగారి ఫోన్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, పోయిన నెల మొబైల్ డేటా ఎంత వాడారో చూడండి, వైఫై లెక్క వేరుగా చూపిస్తుంది. మీరు చెప్పినదాన్ని బట్టి రెండు జీబీ కూడా దాటకపోవచ్చు. మీరేమో రోజుకో జీబీకి డబ్బు కడుతున్నారు, అందులో వాడనిది ఏ రోజుకారోజు అర్ధరాత్రికి పోతుంది, మర్నాటికి కలవదు.

ఈ ధరలు 2025 మొదట్లో ఉన్నవి, రీచార్జ్ చేసే రోజు ఆప్‌లో మరోసారి చూసుకోండి. చివరి కాలమ్‌లో ప్లాన్ ధరని దాని రోజులతో భాగించి 30తో గుణించాను, ఎందుకంటే 28 రోజుల ప్లాన్‌నీ ఏడాది ప్లాన్‌నీ పక్కపక్కన పెట్టాలంటే ఇంకో దారి లేదు.

| ప్లాన్ | డేటా | వాలిడిటీ | 30 రోజులకి సుమారు |
|---|---|---|---|
| ఎయిర్‌టెల్ 299 | రోజుకి 1 జీబీ | 28 రోజులు | ₹320 |
| జియో 799 | రోజుకి 1.5 జీబీ | 84 రోజులు | ₹285 |
| జియో 3599 | రోజుకి 2.5 జీబీ | 365 రోజులు | ₹296 |
| ఎయిర్‌టెల్ 2249 | మొత్తం 30 జీబీ | 365 రోజులు | ₹185 |
| ఎయిర్‌టెల్ 1849 | లేదు | 365 రోజులు | ₹152 |
| జియో 1748 | లేదు | 336 రోజులు | ₹156 |

అన్నిటిలోనూ కాల్స్ అన్‌లిమిటెడ్. మీరు "నెలకి 299" అనుకుంటున్నారు గానీ అది 28 రోజులే, ఏడాదికి 12 సార్లు కాదు 13 సార్లు వేయాలి, అంటే 3,887 రూపాయలు. జియో 1748 కూడా అలాంటిదే, 12 నెలల ప్లాన్‌లా కనిపిస్తుంది కానీ 28ని 12తో గుణిస్తే వచ్చేది 336, ఇంకో 29 రోజులు మీ మీదే పడతాయి.

చివరి రెండూ కాల్స్, ఎస్సెమ్మెస్ మాత్రమే ఉన్న ప్లాన్లు. డేటా అక్కర్లేనివాళ్ల కోసం ఇలాంటివి పెట్టాల్సిందేనని 2024 డిసెంబర్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రూల్ తెచ్చాకే ఇవి వచ్చాయి. బటన్ ఫోన్ వాడే అమ్మమ్మకైతే కళ్లు మూసుకుని 1849 వేయమంటాను. మీ నాన్నగారికి మాత్రం వద్దు. కూరగాయల బండి దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాక నెట్ లేక డబ్బు పోకపోతే ఆయన మీకే ఫోన్ చేస్తారు, ఏడాదికి 400 మిగుల్చుకుని ఆ టెన్షన్ దేనికి?

నా ఓటు 2249కే. ఇప్పుడు పెడుతున్నదాంతో పోలిస్తే ఏడాదికి 1,638 రూపాయలు మిగులుతాయి. 30 జీబీ అంటే నెలకి రెండున్నర, రోజుకి 80 ఎంబీ పైచిలుకు. వాట్సాప్ మెసేజ్‌లకి, చెల్లింపులకి అది ఎక్కువే. కానీ పార్కులో కూర్చుని మనవడితో అరగంట వీడియో కాల్ మాట్లాడితే ఆ రోజు వాటా హుష్‌కాకి. అందుకని వాట్సాప్‌లో మొబైల్ డేటా మీద ఫొటోలు, వీడియోలు వాటంతటవే డౌన్‌లోడ్ కాకుండా ఆపేయండి, గుడ్ మార్నింగ్ వీడియోలు తినేసే డేటా అంతా ఇంతా కాదు. వైఫై తీసేసే ఆలోచన ఉన్నా, ఆయన బస్సులో యూట్యూబ్ చూసే రకమైనా ఈ ప్లాన్ సరిపోదు, అప్పుడు రోజువారీ డేటా ఉన్నదే వేయండి.

ఏడాది ప్లాన్‌తో ఒక లాభం, ఒక చిక్కు ఉన్నాయి. 2024 జులైలో ప్రైవేట్ కంపెనీలు రేట్లు పెంచినప్పుడు అంతకుముందే ఏడాదికి వేయించుకున్నవాళ్లకి గడువు తీరేదాకా ఏ భారమూ పడలేదు. చిక్కేమిటంటే, మధ్యలో వేరే కంపెనీకి పోర్ట్ అయితే మిగిలిన రోజులు పోయినట్టే, పైసా వెనక్కి రాదు. కాబట్టి ఊళ్లో, ఇంట్లో వెనక గదిలో కూడా సిగ్నల్ బాగానే ఉందా అని ముందే ఆయన్ని అడగండి. బాగాలేకపోతే ముందు పోర్ట్, తర్వాతే ఏడాది ప్లాన్.

ఇప్పుడున్న 299లో రోజులు మిగిలుంటే అవి అయిపోయే రోజే కొత్తది వేయండి. వేశాక వచ్చే ఏడాది గడువుకి వారం ముందు మోగేలా రిమైండర్ మీ ఫోన్‌లోనే పెట్టుకోండి, పెన్షన్ ఖాతా ఓటీపీలు వచ్చేది ఆ నంబర్‌కే కదా.