నోటీసు 13 రోజులు ఆలస్యమైతే మరో మూడేళ్లు అద్దె కట్టాలా?

ప్రశ్న: మేడమ్, గుంటూరు అరండల్‌పేటలో జిరాక్స్, స్టేషనరీ షాపు నడుపుతున్నాను. 2023 జూలై 1 నుంచి మూడేళ్లకు అగ్రిమెంటు. అద్దె 22,000, అడ్వాన్సు లక్షన్నర. ఖాళీ చేస్తానని మార్చిలో ఓనరు గారికి ఫోన్‌లో చెబితే సరే అన్నారు. ఏప్రిల్ 14న లెటరు కూడా ఇచ్చాను. ఇప్పుడేమో, 90 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పలేదు కాబట్టి 15 శాతం పెంపుతో మరో మూడేళ్లకు అదే రెన్యువల్ అయిపోయిందట, వెళ్తే అడ్వాన్సు ఇవ్వరట. అగ్రిమెంటు నోటరీ కూడా చేయించాం. నేను ఇరుక్కున్నట్టేనా?

జవాబు: లెక్క వరకు మీ ఓనరు చెప్పిందే కరెక్టు. గడువు జూన్ 30తో అయిపోతుంది, అక్కడి నుంచి 90 రోజులు వెనక్కి లెక్కపెడితే ఏప్రిల్ 1 వస్తుంది. ఆ రోజుకల్లా కాగితం ఆయన చేతిలో ఉండాలి, మీది 13 రోజులు లేటు. ఫోన్‌లో సరే అన్నారు అంటారా, క్లాజులో రాతపూర్వకంగా అని ఉన్నప్పుడు, పైగా రేపు ఆయన నేను అనలేదంటే, ఆ మాటను పట్టుకుని వేలాడటం కష్టం.

కానీ మీ ప్రశ్నలో అసలు సంగతి చివర్లో ఉంది, నోటరీ అన్నారు చూడండి, అది. నోటరీ వేరు, రిజిస్ట్రేషన్ వేరు. స్టాంపు పేపరు మీద నోటరీ గారి సీలు పడగానే రిజిస్టరైపోయిందనుకునేవాళ్లు మా ఆఫీసుకు వారానికొకరైనా వస్తారు. మీ అగ్రిమెంటు తిప్పి వెనక వైపు చూడండి. సబ్ రిజిస్ట్రార్ సీలు, డాక్యుమెంటు నంబరు, సంవత్సరం ఉన్నాయా? లేకపోతే అది రిజిస్టర్ కాలేదు. అనుమానంగా ఉంటే ఆ బిల్డింగుకి ఈసీ తీయించండి, రిజిస్టరైన లీజైతే అందులో కనిపిస్తుంది.

ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించి తీరాలని ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్, రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ రెండూ చెబుతున్నాయి. చేయించకపోతే ఆ కాగితంలోని మూడేళ్ల గడువు నిలబడదు, అలాంటప్పుడు దాని తోకలా వచ్చిన మరో మూడేళ్లు ఎలా నిలబడతాయి? అలాగని మీరు అక్రమంగా ఉన్నట్టు కాదు. షాపు మీ చేతిలో ఉంది, ఆయన నెలనెలా అద్దె తీసుకున్నారు, కాబట్టి నెలవారీ అద్దె ఒప్పందం ఉన్నట్టే లెక్క. ఆంథొనీ వర్సెస్ కె.సి. ఇట్టూప్ అండ్ సన్స్ కేసులో 2000లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. నెలవారీ ఒప్పందానికి 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల రాతపూర్వక నోటీసు చాలు. మీ ఏప్రిల్ 14 లెటరులో జూన్ 30కి ఖాళీ చేస్తానని రాసి సంతకం పెట్టి ఉంటే రెండు నెలలకు పైనే టైమిచ్చారు. అందులో తేదీ లేకపోయినా, ఇచ్చినట్టు రుజువు లేకపోయినా, జూన్ మొదటి వారంలోనే ఇంకొకటి స్పీడ్ పోస్టులో పంపి రసీదు, డెలివరీ రుజువు దాచుకోండి.

తర్వాత చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే: సామాను సర్దలేదని ఇంకో పది రోజులు ఉంటారు, జూలై అద్దె కూడా వేస్తారు. ఓనరు ఆ అద్దె తీసుకుంటే 116వ సెక్షన్ కింద లీజు కొనసాగిందనే వాదన మొదలవుతుంది. జూన్ 30కే షట్టరు దించి, కరెంటు మీటరు రీడింగు ఫొటో తీసి, తాళాలిచ్చి సంతకం తీసుకోండి. తీసుకోనంటే, తాళాలు సిద్ధంగా ఉన్నాయని అదే రోజు రాసి పంపండి.

అడ్వాన్సు బ్యాంకు ద్వారా కట్టారా? అయితే స్టేట్‌మెంటే రుజువు. దాన్ని జప్తు చేసుకోవాలన్నా ఆయన ఆ రిజిస్టర్ కాని కాగితాన్నే చూపాలి, స్టాంపు డ్యూటీ తక్కువైతే ముందు దానికీ పెనాల్టీ కట్టాలి.

ఒకవేళ వెనక రిజిస్ట్రేషన్ సీలు కనిపించిందనుకోండి, కథ మారుతుంది. అప్పుడు నెలకు 25,300 చొప్పున 36 నెలలు, మొత్తం 9,10,800 ఆయన అడగగలరు. ఇచ్చి తీరాలని కాదు. కొత్త గడువుకు మళ్లీ దస్తావేజు రాసుకోవాలని క్లాజులో ఉందేమో చూడాలి, ఉంటే అది రాయకుండా రెన్యువల్ పూర్తి కాలేదని వాదించవచ్చు. ఎవరినైనా కొత్త అద్దెదారుని మీరే వెతికి తెచ్చి, రెండు మూడు నెలల అద్దె వదులుకుని బయటపడటం నా దృష్టిలో కోర్టు కంటే చవక.

కొత్త షాపు అగ్రిమెంటులో మాత్రం ఈ క్లాజుకి తిరగేసిన రకం ఉంటుంది, జాగ్రత్త. "అద్దెదారు కోరితే రెన్యువల్" అని ఉంటే అక్కడ ఊరుకుంటే లాకవ్వరు, షాపే పోతుంది. కాల్టెక్స్ వర్సెస్ భగవాన్ దేవి మరోడియా కేసులో గడువు ముగియడానికి రెండు నెలల ముందు కోరాల్సిన రెన్యువల్ ఆలస్యంగా కోరితే, పెద్ద ఆయిల్ కంపెనీ అయినా సుప్రీంకోర్టు కనికరించలేదు. సంతకం పెట్టేరోజే ఆ ఆఖరి తేదీని అగ్రిమెంటు మొదటి పేజీ మీద పెన్నుతో రాసుకోండి, ఫోన్‌లో అలారం దానికి పది రోజుల ముందుకి పెట్టుకోండి.